పాలిప్ తీశాక మళ్లీ ఎప్పుడు రావాలో ఎవరు చెప్పాలి?

సంపాదకులకు నమస్కారం.

పెద్దపేగు లోపలి గోడ మీద పెరిగే పాలిప్‌లనే బుడిపెలను తీసి పంపితే, వాటిని మైక్రోస్కోపు కింద చూసి రిపోర్టు రాయడం ముప్పై ఏళ్లపాటు నా ఉద్యోగం. ఆ ముప్పై ఏళ్లూ నన్ను వేధించిన ఒక లోపాన్ని మీ పత్రిక ద్వారా వైద్యుల దృష్టికీ రోగుల దృష్టికీ తేవాలనుకుంటున్నాను. పాలిప్ తీయించుకున్న మనిషి, కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీని మళ్లీ ఎన్నేళ్లకు చేయించుకోవాలో చెప్పే బాధ్యత మన ఆసుపత్రులు చాలావాటిలో ఫలానా వారిదని లేదు.

కొలనోస్కోపీ చేసిన డాక్టరు రిపోర్టు ఆ సాయంత్రానికే చేతికి వస్తుంది. ఎన్ని పాలిప్‌లు కనబడ్డాయి, ఒక్కొక్కటి ఎన్ని మిల్లీమీటర్లు, గొట్టం పెద్దపేగు మొదలైన సీకం దాకా వెళ్లిందా లేదా, పేగు శుభ్రంగా ఉందా లేదా అన్నవి అందులో ఉంటాయి. ఆ పాలిప్ ఏ రకమో చెప్పే బయాప్సీ రిపోర్టు మాత్రం కొన్ని రోజులు ఆగి వస్తుంది. గడువు తేల్చాలంటే ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి, ఆ పని ఎవరూ చేయరు. మా ల్యాబుకు వచ్చే ఫార్మలిన్ సీసా మీద చాలాసార్లు ‘కోలన్ పాలిప్’ అన్న రెండు మాటలే ఉండేవి. నాలుగు పాలిప్‌లను ఒకే సీసాలో వేసి పంపితే, అందులోనూ అవి ముక్కలుగా కోసి తీసినవైతే, ఎన్నో ఎంత పెద్దవో నేను చెప్పలేను. పేగులో ఉండగా చూసిన డాక్టరే రాయాలి. చివరికి రోగి దగ్గర మిగిలేది ‘ఏడాది తర్వాత రావలెను’ అన్న రబ్బరు ముద్ర. కొందరికి అదీ ఉండదు.

గడువులు అంత చిక్కు లెక్కలేమీ కావు. సీకం దాకా చూసి, పేగు శుభ్రంగా ఉండి, పాలిప్‌ను పూర్తిగా తీసేసిన సందర్భంలో, 2020లో అమెరికా జీర్ణకోశ వైద్య సంఘాలు కలిసి సవరించిన సూచనల ప్రకారం, 10 మిల్లీమీటర్ల లోపు మామూలు అడినోమాలు, అంటే వదిలేస్తే క్యాన్సర్ కాగల రకం పాలిప్‌లు, ఒకటి రెండు ఉన్నవారు 7 నుంచి 10 ఏళ్లు ఆగవచ్చు. మూడు నాలుగు ఉంటే 3 నుంచి 5 ఏళ్లు. పాలిప్ 10 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉన్నా, మైక్రోస్కోపులో వేళ్లలాంటి విల్లస్ నిర్మాణం కనబడినా, కణాల్లో తీవ్రమైన మార్పులున్నా 3 ఏళ్లు. 20 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్న పాలిప్‌ను ముక్కలుగా తీస్తే, అంచున మిగిలిపోయిందేమో చూడడానికి 6 నెలలకే రావాలి. పేగు సరిగా శుభ్రపడకపోతే ఈ గడువులేవీ వర్తించవు, ఏడాది లోపే మళ్లీ చూడాలి. అంటే అందరికీ వేసే ఆ ఏడాది ముద్ర చిన్న పాలిప్ ఒక్కటే ఉన్నవారికి అనవసరపు ఖర్చు, పెద్ద పాలిప్‌ను ముక్కలుగా తీయించుకున్నవారికి ఆలస్యం.

అయితే ఈ గడువులన్నీ వంశంలో పెద్దపేగు క్యాన్సర్ లేనివారికి. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో, పిల్లల్లో ఎవరికైనా 60 ఏళ్ల లోపు ఆ జబ్బు వస్తే, 40వ ఏట గానీ, వారికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు పరీక్ష మొదలుపెట్టి అయిదేళ్లకోసారి చేయించుకోవాలి. ఈ నియమం చాలామంది డాక్టర్లకు తెలుసు. నేను చెప్పబోయే మనిషి దానికి దొరకలేదు.

36 ఏళ్ల యువకుడు. విరేచనంలో రక్తం పడుతుంటే మొలలనుకుని ఏడాది నాటుమందు వాడి, ఆ తర్వాత కొలనోస్కోపీకి వెళ్లాడు. 14 మిల్లీమీటర్ల పాలిప్ ఒకటి తీశారు. స్లైడు నేనే చూశాను: విల్లస్ లక్షణాలున్న అడినోమా. లెక్క ప్రకారం మూడేళ్లు. దరఖాస్తులో ‘తల్లిదండ్రులకు గానీ తోబుట్టువులకు గానీ క్యాన్సర్ ఉందా’ అన్న ప్రశ్నకు ‘లేదు’ అని ఉంది, అది నిజమే. ఆ వయసుకు అంత పాలిప్ ఏమిటన్న అనుమానంతో అతన్ని పిలిపించి తల్లివైపు సంగతులు అడిగాను. మేనమామకు 43వ ఏట పెద్దపేగు క్యాన్సర్. పిన్నికి 48వ ఏట గర్భసంచి క్యాన్సర్. అమ్మమ్మ 54 ఏళ్లకు ‘కడుపులో గడ్డ’తో పోయింది, పాత కాగితాలు వెతికితే అదీ గర్భసంచి క్యాన్సరే.

దీన్ని లించ్ సిండ్రోమ్ అంటారు. ఒకే జన్యులోపం పెద్దపేగులోనూ గర్భసంచిలోనూ క్యాన్సర్ తెస్తుంది, తల్లి లేదా తండ్రి నుంచి ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. దీనిని అనుమానించడానికి మూడు-రెండు-ఒకటి అనే గుర్తు ఉంది: ఈ కోవ క్యాన్సర్లు ఉన్నవారు ముగ్గురు, వారిలో ఒకరు మిగతా ఇద్దరికీ తల్లో తండ్రో తోబుట్టువో బిడ్డో అయి ఉండాలి, వరుసగా రెండు తరాలు, కనీసం ఒకరికి 50 ఏళ్ల లోపు. ఆ కుటుంబానికి ఇది అచ్చంగా సరిపోయింది.

మరి మధ్యలో ఉన్న అతని తల్లికి ఏమీ రాలేదే? ఆమెకు 33వ ఏట రక్తస్రావమని గర్భసంచి తీసేశారు. చిన్న వయసులోనే గర్భసంచి తీసేయడంలో మన రెండు రాష్ట్రాలూ దేశంలో ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆ ఆపరేషన్ల మంచిచెడ్డల మాట అలా ఉంచితే, వాటి వల్ల ఒక హెచ్చరిక మన ఇళ్లలో వినిపించకుండా పోతోంది. గర్భసంచే లేనప్పుడు దానికి క్యాన్సర్ రాదు, జన్యులోపం మాత్రం పిల్లలకు చేరుతుంది. కాబట్టి ‘క్యాన్సర్ ఉందా’ అని అడిగి ఊరుకోకూడదు, ‘గర్భసంచి ఎవరెవరికి, ఏ వయసులో, ఎందుకు తీశారు’ అని కూడా అడగాలి.

మేనమామ ఆపరేషన్ జరిగిన ఆసుపత్రిలో ఆయన కణితి ముక్కను మైనంలో భద్రపరిచిన పారాఫిన్ బ్లాకు అదృష్టవశాత్తు ఇంకా ఉంది. డీఎన్ఏ తప్పులను సరిదిద్దే నాలుగు ప్రోటీన్లకు రంగు వేసి చూస్తే అందులో ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 రెండూ కనబడలేదు. ఆ తర్వాత ఆయన రక్తపరీక్షలో ఎంఎస్‌హెచ్2 జన్యువులో లోపం తేలింది. ముందు జబ్బు వచ్చినవారిని పరీక్షించి లోపమేదో పట్టుకోవాలి, లేకపోతే మిగతావారి పరీక్షలో ‘లేదు’ అని వచ్చినా నమ్మడానికి లేదు. మా యువకుడికి ఆ లోపం ఉంది, అతని చెల్లెలికి లేదు. అతనికి మూడేళ్ల గడువు చెల్లదు. లించ్ ఉన్నవారిలో చిన్న అడినోమా ఒకటి నుంచి మూడేళ్లలోనే క్యాన్సర్ కాగలదు గనుక ఒకటి రెండేళ్లకోసారి కొలనోస్కోపీ జరగాలి. నిజానికి ఈ జన్యువులో లోపం ఉన్నవారికి 20–25 ఏళ్లకే అది మొదలుకావాలి. చెల్లెలు మాత్రం అందరిలాగే మామూలు గడువులతో ఉండవచ్చు.

మన దేశ ప్రభుత్వ కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్లకే పరీక్షలున్నాయి, పెద్దపేగుకు లేవు. ఇలా రక్తం పడి వచ్చిన మనిషి ద్వారానే కుటుంబం బయటపడాలి. అందుకే రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలనూ కొలనోస్కోపీ చేసే ఆసుపత్రులనూ కోరేది ఇంతే: బయాప్సీ వచ్చాక, కొలనోస్కోపీ చేసిన డాక్టరే రెండు రిపోర్టులూ కలిపి, గడువునూ దానికి కారణాన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి రోగికి ఇవ్వాలి. సీసాకొక పాలిప్ వేసి, సైజు, పేగులో ఏ భాగం అన్నవి రాసి పంపాలి. కణితి బ్లాకులను రక్తసంబంధీకుల కోసం అడిగితే తిప్పించుకోకుండా ఇవ్వాలి.

ఆ యువకుడి తల్లికి ఇప్పుడు 58 ఏళ్లు. గర్భసంచి లేకపోయినా పేగు ఉంది కదా. అన్నకూ చెల్లికీ క్యాన్సర్ వచ్చినా ఆమెను ఎవరూ పరీక్షకు రమ్మనలేదు. కొడుకు రిపోర్టు వచ్చిన నెలలో మొదటిసారి కొలనోస్కోపీ చేయించుకుంది, రెండు అడినోమాలు తీశారు. ఆ రెండు సీసాల మీద మాత్రం సైజులు, స్థానాలు, కుటుంబ వివరాలు అన్నీ రాసి ఉన్నాయి.

భవదీయుడు,
ఒక విశ్రాంత పాథాలజిస్టు, గుంటూరు