కాన్పు ఎక్కడ అయిందని అడుగు

హైదరాబాదు

ప్రియ మిత్రమా,

నిన్ను మీ సర్కిల్ కార్యాలయంలో పౌర సేవా కేంద్రం ముందరి సహాయ బల్ల దగ్గర కూర్చోబెట్టారని తెలిసి చాలా సంతోషించాను. వచ్చినవారిని పలకరించి, సరైన దరఖాస్తు చేతికిచ్చి, సరైన వరుసలోకి పంపే ఆ పని ఎలా చేయాలో రాయమన్నావు. అన్ని సేవల గురించీ ఒకేసారి రాస్తే నీకు ఏదీ గుర్తుండదు కనుక, నీ దగ్గరికి అందరికంటే ఎక్కువగా వచ్చే జనన ధ్రువపత్రం వారి సంగతి ఒక్కటే వివరంగా రాస్తాను.

వచ్చిన ప్రతివారూ "బర్త్ సర్టిఫికెట్ కావాలి" అనే అంటారు. ఆ ఒక్క మాట వెనుక నాలుగు వేర్వేరు పనులు ఉంటాయి. రిజిస్టరులో ఉన్న వివరాలను ముద్రించి తీసుకోవడం మొదటిది, పేరు గడి ఖాళీగా ఉంటే బిడ్డ పేరు చేర్పించడం రెండవది, ఉన్న వివరాల్లో తప్పు దిద్దించడం మూడవది, అసలు నమోదే కాని జననాన్ని ఆలస్యంగా నమోదు చేయించడం నాలుగవది. వీటికి దరఖాస్తులు వేరు, జతచేయవలసిన కాగితాలు వేరు, చాలాచోట్ల కౌంటర్లు కూడా వేరు. "ఏం కావాలండీ?" అని నువ్వు అడిగితే అదే మాట మళ్లీ వినిపిస్తుంది తప్ప పని ఏమిటో తెలియదు. అందువల్ల "నమస్కారం, రండి. ఎవరి సర్టిఫికెట్ అండీ?" అని మొదలుపెట్టు. ఉర్దూ మాట్లాడేవారు వస్తే "ఆయియే, కిస్ కా సర్టిఫికెట్ హై?" అను. మన ఊళ్లో ఆ ఒక్క వాక్యంతోనే వారి ముఖంలో బెదురు సగం తగ్గుతుంది.

రెండవ ప్రశ్న "మీరు ఎక్కడుంటారు?" అని కాకుండా "కాన్పు ఎక్కడ అయింది, ఏ దవాఖానాలో?" అని ఉండాలి. జననాన్ని నమోదు చేసేది బిడ్డ పుట్టిన చోటనే, కుటుంబం కాపురముంటున్న చోట కాదు. మనవాళ్లలో తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. కూకట్‌పల్లిలో కాపురమున్న అమ్మాయి వరంగల్‌లో తల్లిగారింటికి పోయి ప్రసవిస్తే, ఆ బిడ్డ రికార్డు వరంగల్‌లోనే ఉంటుంది. ఆ సంగతి అడగకుండా వారిని వరుసలో నిలబెడితే, గంట తరువాత కంప్యూటరులో వివరాలు లేవన్న జవాబు వస్తుంది. ఆ మాట విని వారు అసలు నమోదే కాలేదనుకుని, గేటు బయట కాగితాలు రాసే మధ్యవర్తి చేతిలో పడతారు. నగరంలోనే పుట్టినా దవాఖానా పేరు తప్పక అడుగు. పేట్లబురుజులోనో నిలోఫర్‌లోనో పుట్టిన బిడ్డ రికార్డును ఆ దవాఖానా ఉన్న ప్రాంతం పేరున వెతకాలి, తండ్రి ఇంటి చిరునామా పేరున కాదు.

మూడవది, ఇప్పటికే ఏదైనా కాగితం ఉందా అని అడిగి, ఉంటే విప్పి చూడు. ఇది ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణతో చెబుతాను.

ఈమధ్య ఒక పెద్దావిడ నాలుగేళ్ల మనవణ్ణి చంకనేసుకుని వచ్చి, "బిడ్డా, బడిల పుట్టిన సర్టిఫికెట్ అడుగుతున్నరు, ఏ లైన్ల నిలబడాలె?" అని అడిగింది. "కూర్చో అవ్వా, కాన్పు ఎక్కడయింది? సంచిలో కాగితమేమన్న ఉన్నదా?" అని అడిగాను. ప్లాస్టిక్ కవరులోంచి పాత ధ్రువపత్రం తీసింది. అందులో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, దవాఖానా పేరు అన్నీ ఉన్నాయి గానీ పిల్లవాడి పేరుండవలసిన గడి ఖాళీగా ఉంది. చట్టప్రకారం జననాన్ని 21 రోజుల్లోపు తెలియజేయాలి కాబట్టి దవాఖానా వారు వెంటనే వివరాలు పంపేస్తారు. మన ఇళ్లలో బారసాల 11వ రోజునో, 21వ రోజునో, ఒక్కోసారి మూడవ నెలలోనో జరుగుతుంది. అప్పటికి రికార్డు పేరు లేకుండానే సిద్ధమైపోయి ఉంటుంది. ఆమెను ప్రింటు వరుసలోకి పంపి ఉంటే, రుసుము కట్టించుకుని మళ్లీ అదే ఖాళీ గడి ఉన్న కాగితాన్ని చేతికిచ్చేవారు.

ఆమెకు కావలసింది పేరు చేర్పు దరఖాస్తు. దీన్ని సవరణ దరఖాస్తుతో కలపవద్దు, చాలామంది ఆ పొరపాటు చేస్తారు. నమోదైన 12 నెలలలోపు పేరు చేర్పించుకుంటే రుసుము ఉండదు, ఆ తరువాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. అయితే ఆ దరఖాస్తు మీద తల్లో తండ్రో సంతకం చేయాలి, నాయనమ్మ చేస్తే కుదరదు. ఆ మాట బల్ల దగ్గరే చెప్పి, దరఖాస్తు చేతికిచ్చి, సంతకం పెట్టవలసిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టి, తల్లిదండ్రుల ఆధార్ ప్రతులు జతచేయాలని ఒక చీటీ మీద రాసి ఇచ్చాను. వరుసలో నిలబడకుండానే ఇంటికి వెళ్లి, మరునాడు కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది.

అతను వచ్చినప్పుడు ఇంకో రెండు సంగతులు చూశాను. నువ్వూ తప్పక చూడు. మొదటిది, రికార్డులోని తల్లిదండ్రుల పేర్లు వారి ఆధార్‌తో అక్షరం అక్షరం సరిపోతున్నాయా అన్నది. తేడా ఉంటే సవరణ దరఖాస్తు కూడా అప్పుడే పెట్టించాలి, లేకపోతే పాస్‌పోర్టు వేళకు మళ్లీ తిరగవలసి వస్తుంది. రెండవది, పిల్లవాడి పేరు. ఇంటిపేరు పూర్తిగా రాయాలా, పొడి అక్షరమా, ముందా, వెనకా అన్నది వారు దరఖాస్తు నింపడానికి ముందే నిర్ణయించుకోవాలి. ఒకసారి ఎక్కిన పేరును మార్చడం చేర్పించినంత తేలిక కాదు. అతను కాగితం మీద మూడు విధాలుగా రాసి చూసుకుని, ఇంటికి ఫోను చేసి భార్యనడిగి, ఒకటి ఖాయం చేసుకున్నాడు. ఆ పది నిమిషాలూ వరుస బయటే గడవడం అందరికీ మేలు.

నమోదే కానివారి విషయంలో తేదీ అడిగితే చాలు. 30 రోజులు దాటి ఏడాదిలోపైతే నిర్దేశిత అధికారి లిఖితపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే మన దగ్గర ఆ దస్త్రం ఆర్డీవో కార్యాలయానికి వెళ్లి ఉత్తర్వు రావాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ తేదీన గానీ తరువాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేర్చుకోవడం వంటి వాటికి జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. మునుపటిలా ఇంకో కాగితం చూపి గట్టెక్కే దారి లేదు కనుక, ఇలాంటివారిని ఏ కౌంటరు వరుసలోనూ నిలబెట్టకుండా నేరుగా నమోదు విభాగపు గుమాస్తా దగ్గరికి పంపు.

ఎన్ని రోజుల్లో వస్తుందని అందరూ అడుగుతారు. నీ చేతిలో లేని గడువు ఎన్నడూ చెప్పకు. రసీదు మీది దరఖాస్తు సంఖ్య చూపించి, దానితో స్థితి ఎలా తెలుసుకోవాలో చెప్పు. అసలు కాగితాలు నీ బల్ల మీద పెట్టించుకోకు, చూసి వెంటనే వారి చేతికే ఇచ్చేయి. కౌంటరు నుంచి తిరిగి నీ దగ్గరికి వచ్చినవారిని మాత్రం వారు ఏమి విని వచ్చారో తప్పక అడిగి, ఒక పుస్తకంలో రాసుకో. వారం తిరిగేసరికి నువ్వు ఏ ప్రశ్న మరచిపోతున్నావో ఆ పుటలోనే కనిపిస్తుంది.

జూన్‌లో బడులు తెరిచే ముందు రద్దీ బాగా పెరుగుతుంది. అప్పటికి పేరు చేర్పు దరఖాస్తులు సరిపడా ముద్రించి ఉంచమని మీ పై అధికారిని ఇప్పుడే అడుగు. మీ కార్యాలయంలో పేరు చేర్పునూ సవరణనూ ఒకే కౌంటరులో తీసుకుంటారో, వేర్వేరుగానో నాకు రాయి. వేర్వేరుగా అయితే మేము వాడే చీటీ నమూనా పంపిస్తాను.

నీ మిత్రుడు