మంత్రి గారూ, నా ఫోన్‌లో సిగ్నల్ నిండుగా ఉంది, నెట్ మాత్రం లేదు

గౌరవనీయులైన టెలికాం శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ ఫిర్యాదు నంబర్లు వచ్చాయి, వాటి వెనకే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్‌లూ వచ్చాయి. ఎవరు పరిష్కరించారో, ఏ సమస్యను పరిష్కరించారో నాకైతే తెలియలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

అన్‌లిమిటెడ్ ప్లాన్ల నిబంధనల్లో అట్టడుగున ఉండే ఆ వాక్యం మీకు తెలియనిది కాదు. పరిమితి దాటాక, టవర్ రద్దీగా ఉన్నప్పుడు, వేగం "తాత్కాలికంగా తగ్గవచ్చు" అంటారు. నా గోడంతా ఆ "తాత్కాలికంగా" గురించే.

మా ఇంట్లో నాదీ మా చెల్లెలిదీ ఒకే కంపెనీ సిమ్, ఒకే మోడల్ ఫోన్. తనది ఖరీదైన పోస్ట్‌పెయిడ్ ప్లాన్. నాది తక్కువ ధర అన్‌లిమిటెడ్, 50 జీబీ దాటితే పైన చెప్పిన వాక్యం అమల్లోకి వస్తుంది. పోయిన నెల బిల్లింగ్ మొదలైన 19వ రోజున దాటాను. ఆ రాత్రి ఎనిమిదిన్నరకు రెండు ఫోన్లూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి స్పీడ్ చూశాను. తనకు 24 ఎంబీపీఎస్, నాకు 0.7. రెండింటిలోనూ సిగ్నల్ మైనస్ 88 డీబీఎం దగ్గరే ఉంది, అంటే బాగానే ఉన్నట్టు. అనుమానం తీరక సిమ్‌లు అటూ ఇటూ మార్చాను. నెమ్మది నా సిమ్‌తో పాటే చెల్లెలి ఫోన్‌లోకి వెళ్లింది. తెల్లవారుజామున మూడున్నరకు లేచి మళ్లీ చూస్తే తనకు 64, నాకు 61. ఫోన్ మంచిదే, టవర్ మంచిదే, సిగ్నల్ మంచిదే. మరి రాత్రి ఎనిమిదిన్నరకు నేనేం పాపం చేశాను సార్?

కస్టమర్ కేర్ వాళ్లు మూడుసార్లూ ఒకటే చెప్పారు, ఫోన్ ఆపి ఆన్ చేయండి, ఫోన్‌ను నెట్‌కు కలిపే ఏపీఎన్ సెట్టింగ్ రీసెట్ చేయండి అని. "కాల్స్ బాగానే వెళ్తున్నాయి కదా సార్, నెట్‌వర్క్‌లో ఇబ్బందేమీ లేదు" అని కూడా అన్నారు. కాల్స్ ఎందుకు వెళ్లవు? 4జీలో ప్రతి కనెక్షన్‌కీ క్యూసీఐ అని ఒక నంబరు తగిలిస్తారు, 5జీలో దాన్నే 5క్యూఐ అంటారు. 4జీ మీదే వెళ్లే వోల్టీ కాల్ మాటకు 1 ఇస్తారు. మామూలు నెట్‌కు సాధారణంగా 6 నుంచి 9 లోపు ఏదో ఒకటి ఉంటుంది. ఆ నాలుగింట్లో నంబరు పెద్దదైన కొద్దీ వరసలో వెనక్కి పోతాం. టవర్‌లోని షెడ్యూలర్ ప్రతి మిల్లీ సెకనుకూ ఈ నంబర్లు చూసి ఎవరికెంత తరంగ వాటా ఇవ్వాలో పంచుతుంది. టవర్ ఖాళీగా ఉంటే నంబరుతో పనే లేదు, అందరికీ సరిపోతుంది. రద్దీ మొదలైందా, నా బోటి వాడు గోడవారన నిలబడాల్సిందే. పరిమితి దాటిన రోజున నా నంబరు మారుతుంది, ఫోన్‌లో మాత్రం ఏ మార్పూ కనపడదు. సిగ్నల్ గీతలు నిండుగా, పక్కన 4జీ అని దర్జాగా ఉంటుంది.

ఒకసారి టెక్నీషియన్‌ను కూడా పంపారు, కాదనను. ఉదయం పదకొండు గంటలకు వచ్చాడు పాపం. 40 ఎంబీపీఎస్ వచ్చింది, ఫొటో తీసుకుని ఫిర్యాదు మూసేసి వెళ్లాడు. స్పీడ్‌కు స్థిరంగా కోత పెట్టి ఉంటే పదకొండింటికైనా మూడింటికైనా ఒకేలా తక్కువ వచ్చేది. ఇది కోత కాదు, వరసలో వెనక్కి నెట్టడం. రద్దీ లేని వేళ వచ్చి చూస్తే ఏం దొరుకుతుంది? సంత ముగిశాక వచ్చి, ఇక్కడ తొక్కిసలాట ఎక్కడుంది అని అడిగినట్టుంది.

లెక్క చిన్నదే, వేసి చూపిస్తాను. టవర్‌లో మా వైపు చూసే భాగం మొత్తానికి ఒక రాత్రి 75 ఎంబీపీఎస్ ఇవ్వగలదనుకుందాం. 50 మంది ఒకేసారి లాగుతున్నారు. సమానంగా పంచితే తలా ఒకటిన్నర, గొప్పగా కాకపోయినా వీడియో కాల్ నడుస్తుంది. ఇప్పుడు అందులో 20 మంది ఖరీదైన ప్లాన్ల వాళ్లనీ, వాళ్లకు మాకంటే నాలుగింతల వాటా ఇవ్వమని కంపెనీ పెట్టిందనీ అనుకోండి. వాళ్లకు తలా 2.7 వస్తుంది, మా 30 మందికి తలా 0.7 కూడా సరిగ్గా రాదు. నాలుగింతలన్నది నేను ఊహించి వేసిన అంకె. అసలు అంకె ఎంతో కంపెనీకే తెలుసు. నేను కొన్న సరుకు తూకం నాకు చెప్పకపోవడం ఏ న్యాయం?

అన్నిటికంటే మండించేది ఇది. ఆ 50 జీబీలో 30 పైచిలుకు నేను రాత్రి రెండు తర్వాత దించుకున్నవే. ఫోన్ బ్యాకప్‌లు, పాఠాల వీడియోలు, అప్‌డేట్లు. రద్దీ వేళ ఎవరికీ అడ్డం కాకూడదనే ఆ టైమ్ పెట్టుకున్నాను. ఆ గంటలో టవర్ ఖాళీ, నా వల్ల ఒక్కరికీ ఒక్క సెకను ఆలస్యం కాలేదు. అయినా మీటర్ అర్ధరాత్రి జీబీనీ సాయంత్రం జీబీనీ ఒకేలా లెక్కపెట్టింది. శిక్ష మాత్రం మిగిలిన పదకొండు సాయంత్రాలకూ పడింది. రద్దీ గంటల్లో వస్తుంది, శిక్ష నెలలో వస్తుంది. దీన్ని రద్దీ నివారణ అంటున్నారు! "తాత్కాలికం" అంటే బిల్లు తిరిగేదాకా అని ముందే చెబితే ఆ మాట అర్థం నేను సరిచేసుకునేవాణ్ని.

నాకైనా 50 దాకా గౌరవం దక్కింది. మా పక్కింటి కుర్రాడు ఇతరుల టవర్లు అద్దెకు తీసుకుని సిమ్‌లు అమ్మే చిన్న కంపెనీ ప్లాన్ తీసుకున్నాడు. అతనికి మొదటి ఎంబీ నుంచే వెనక వరస. పరిమితి అన్న మాటే లేదు కాబట్టి దాటడం కూడా లేదు. ప్రకటనలో "అదే నెట్‌వర్క్, అదే కవరేజ్" అని ఉంది, అది అబద్ధమూ కాదు. టవర్ అదే, వరస వేరు. ఆ రెండో ముక్క ప్రకటనలో పట్టలేదేమో.

రద్దీలో ఎవరో ఒకరు ఆగాలని నాకూ తెలుసు. అంబులెన్స్, అగ్నిమాపక సిబ్బంది ముందుండాలి, నన్ను వెనక నిలబెట్టండి, కిమ్మనను. ఎక్కువ డబ్బు కట్టినవాళ్లు కొంచెం ముందుండటం మీద కూడా నాకు పెద్ద గొడవ లేదు. ఏ వరసలో నిలబెట్టారో ప్లాన్ కొనేటప్పుడే చెప్పించండి. పరిమితి దాటిన రోజు కంపెనీ యాప్‌లో "మీరిప్పుడు వెనక వరసలో ఉన్నారు" అని ఒక్క ముక్క చూపించమనండి, నేను ఏపీఎన్‌లు రీసెట్ చేసుకుంటూ కూర్చోను. ఖాళీ వేళ వాడిన డేటాను ఆ 50లోంచి తీసేయించండి. ఫిర్యాదు చేసింది రాత్రి ఎనిమిదిన్నర గురించి అయితే రాత్రి ఎనిమిదిన్నరకే వచ్చి కొలవమనండి. ఇదేమంత పెద్ద కోరిక సార్?

పదకొండు రాత్రుల రీడింగులు, రెండు సిమ్‌లవీ, గంటలతో సహా జత చేస్తున్నాను. వాటిని చూసిన అధికారి ఎవరైనా సరే, సాయంత్రం పూట ఫోన్ చేయవచ్చు. కాల్ బాగానే వస్తుంది.

ఇట్లు,
వెనక వరసలోని ఒక వినియోగదారుడు