ఆదివారం 302 ఫ్లాట్ చూడటానికి వస్తున్నారు

302లో ఉంటున్న మీ అందరికీ నమస్కారం. మీరు నెలాఖరుకు ఖాళీ చేస్తున్నందున, ఎంవీపీ కాలనీలోనే ఇల్లు వెతుక్కుంటున్న ఒక కుటుంబం మన ఫ్లాట్ చూడటానికి ఈ ఆదివారం ఉదయం 10.30 నుంచి 12 గంటల మధ్య వస్తుంది. సాయంత్రం 4.30కి రాహుకాలం మొదలవుతుంది కాబట్టి వాళ్లే ఉదయం అడిగారు.

వచ్చేది ముగ్గురే. వెనుక గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్‌లో పేర్లు రాయించి నేనే వెంట తీసుకొస్తాను, ఇరవై నిమిషాలకు మించి ఉండము. మీ సామాను ఉన్న గదుల్లో ఫొటోలు తీయవద్దని ముందే చెప్పాను. అయినా నగలు, కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేసుకోండి.

మీరెవరూ ఇంట్లో ఉండకపోతే తాళంచెవిని కవర్‌లో పెట్టి, అంటించి, పైన సంతకం చేసి వాచ్‌మన్‌కు ఇవ్వండి. మీ అనుమతి లేకుండా తలుపు తీయను. సముద్రపు గాలికి బాల్కనీ తలుపు గడియ తుప్పు పట్టి బిగుసుకుంటోంది కదా, దాన్ని కాస్త పైకెత్తి లాగితే వస్తుందని నాకు తెలుసు, కాబట్టి మీరు కంగారు పడనవసరం లేదు.

ఈ సమయం కుదురుతుందో లేదో శనివారం సాయంత్రం 6 లోగా ఇక్కడే తెలపండి. పిల్లల పరీక్షలుగానీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోవడంగానీ ఉంటే మొహమాటపడకుండా చెప్పండి, మరో రోజు పెట్టుకుందాం. ఆదివారం ఏ అవసరమున్నా ఈ సందేశం వచ్చిన నా నంబరుకే ఫోన్ చేయండి.