నూరేళ్లు నిండేదాకా ఆగితే ఆ హాళ్లు మిగలవు: పురపాలక మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయినవాణ్ణి. విశాఖపట్నంలో ఉంటున్నాను. మిమ్మల్ని ఒకే ఒక్క ఉత్తర్వు అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. మన రేవు పట్టణాల్లో 1930కీ 1960కీ మధ్య కట్టిన సినిమా హాలుకైనా, బజారు దుకాణానికైనా కూల్చివేత అనుమతి ఇచ్చేముందు ఆ కట్టడాన్ని లోపలా బయటా కొలిచి, ఫోటోలు తీసి, ఆ రికార్డును దాచాలి. కూల్చొద్దని నేను అడగడం లేదు. ఆట ఆడని హాలుకు పన్ను కట్టే యజమాని కష్టం నాకు తెలుసు. అది పోయేముందు అదేమిటో రాసిపెట్టుకుందామంటున్నాను, అంతే.

ఏ కట్టడాల గురించి చెబుతున్నానో మీకు కళ్లకు కట్టాలి. ముందు గోడ నడుమ నిలువుగా లేచిన పలక ఉంటుంది. దానికి అటూ ఇటూ పిట్టగోడ మెట్లు మెట్లుగా దిగుతుంది. వీధి మలుపు దగ్గర బాల్కనీ మూల లేకుండా గుండ్రంగా తిరుగుతుంది. కిటికీలన్నిటి మీదుగా పలచటి సన్‌షేడ్ ఒకటే పట్టీలా సాగుతుంది. గేటు గ్రిల్లులో పొద్దుపొడుపు కిరణాలు, పిట్టగోడ మీద సిమెంటుతో పోసిన పేరు, దాని కింద కట్టిన సంవత్సరం. 1925లో పారిస్‌లో జరిగిన ప్రదర్శనతో పేరుకెక్కిన ఈ పద్ధతిని ఇవాళ ఆర్ట్ డెకో అంటున్నారు. మన తాపీ మేస్త్రీలకు ఆ పేరుతో పని లేదు. సిమెంటు కాంక్రీటు చేతికొచ్చింది, సున్నంతో నిలవని ఆకారాలు దానితో నిలిచాయి, అందుకే కట్టారు. సిమెంటూ ఇనుమూ ఓడల్లో దిగే చోటు కాబట్టి, వ్యాపారుల చేతిలో డబ్బు ఆడే చోటు కాబట్టి ఈ మోజు ముందు రేవులకే వచ్చింది. విశాఖ ఓడరేవు తెరుచుకున్నది 1933లో. బొంబాయిలో రీగల్ సినిమా తెరుచుకున్నదీ అదే ఏడు.

ఆ రీగల్ సంగతి ఒక్క మాట చెప్పాలి. దాని ఆర్కిటెక్ట్ చార్లెస్ స్టీవెన్స్. ఆయన తండ్రి ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్ విక్టోరియా టెర్మినస్‌కు రూపమిచ్చిన మనిషి. తండ్రి రాతిలో శిఖరాలు, శిల్పాలు చెక్కించాడు, కొడుకు కాంక్రీటులో నున్నటి గోడలు, గీతలు పోయించాడు. ఒక్క తరంలో ఒక నగరం ఎంత మారిందో ఆ రెండు కట్టడాలను చూస్తే చాలు. అందుకే 2018లో యునెస్కో ఆ నగరంలోని గోథిక్ కట్టడాలనూ ఆర్ట్ డెకో కట్టడాలనూ కలిపి ఒకే ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

బొంబాయికి అది సాధ్యపడటానికి కారణం చట్టంలో ఉంది. మన రాష్ట్రంలో 1960 నాటి చట్టమైనా, కేంద్రంలో 1958 నాటి చట్టమైనా పురాతన కట్టడం అనిపించుకోవాలంటే నూరేళ్లు నిండాలంటాయి. 1948లో కట్టిన హాలుకు ఆ వయసు 2048లో వస్తుంది. అప్పటికి అది నిలిచి ఉంటుందని మీరూ అనుకోరు, నేనూ అనుకోను. బొంబాయి వాళ్లు పురావస్తు చట్టం కోసం ఆగలేదు. 1995లో నగర నిర్మాణ నియమాల్లోనే వారసత్వ జాబితా పెట్టి, కట్టడాలను గ్రేడులుగా విడగొట్టారు. దానికి నూరేళ్ల షరతు లేదు. అందుకే ఇది సాంస్కృతిక శాఖకు కాకుండా మీకు రాస్తున్నాను. ప్లాను అప్రూవల్, కూల్చివేత అనుమతి, రెండూ మీ శాఖ పరిధిలోవే.

అయితే బొంబాయి దారిలోనూ ఒక లోటు ఉంది. చర్చిగేట్ స్టేషన్ ఎదుట ఈరోస్ సినిమా ఉంది కదా, దాన్నే చూడండి. ఆర్కిటెక్ట్ సొరాబ్జీ భేద్వార్, 1938లో తెరిచారు. రెండు రోడ్లు కలిసే కోణంలో కట్టిన భవనం. ఆగ్రా ఎర్రరాయి, మీగడ రంగు గోడ కలిసి మూల మీద గుండ్రటి గోపురంలా అంచెలంచెలుగా లేస్తాయి. లోపలికి అడుగు పెడితే నలుపు తెలుపు పాలరాయి, బంగారు పూత గీతలు, మెట్లు. వెయ్యిమందికి పైగా కూర్చునే హాలు. కొన్నేళ్లు మూతపడి, మరమ్మతులయ్యాక 2024లో మళ్లీ తెరుచుకుంది. ముఖభాగాన్ని శ్రద్ధగా బాగుచేశారు. అది మెచ్చుకోవలసిన పని. లోపల మాత్రం ఇప్పుడున్నది సుమారు మూడు వందల సీట్ల ఐమాక్స్. అదే 1938లో మొదలైన మెట్రో సినిమా కూడా 2006లో లోపల మల్టీప్లెక్సుగా మారింది. అంటే జాబితాలో ఉన్న హాలుకు సైతం బయటి గోడ మిగులుతుంది, హాలు మాత్రం పోతుంది. బాల్కనీ వంపు, తెర చుట్టూ ఉన్న చట్రం, సీలింగు మెట్లు, ఆపరేటరు గది నుంచి తెర దాకా ఉన్న వాలు ఇక కాగితం మీద ఉంటేనే ఉన్నట్టు. కాబట్టి రికార్డు లోపలి నుంచి మొదలుకావాలని నా పట్టు.

మన ఊళ్లలో ఆ లోపలి ప్లాను మరో సంగతి కూడా చెబుతుంది. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అని టికెట్లున్న రోజుల్లో పాలరాయి, అద్దాలు, గ్రిల్లు మెట్లు ఉన్న ముందు లాబీ చాలా హాళ్లలో కుర్చీ, బాల్కనీ వాళ్లకే. నేల టికెట్టు వాడు పక్క సందులో ఇనుప కటకటాల మధ్య ఒక్కొక్కడుగా నడిచి, వేరే తలుపులోంచి తెర ముందు తేలేవాడు. ముఖభాగం ఫోటో ఎంత అందంగా తీసినా ఈ రెండు దారులూ అందులో కనబడవు. కొలిచి గీసిన ప్లానులోనే కనబడతాయి. ఆ సందును, ఆ టికెట్టు కిటికీ ఎత్తును కూడా గీయకపోతే అది హాలు రికార్డే కాదు.

ఇక దుకాణాల సంగతి. ఉప్పుగాలి వీటికి పెద్ద శత్రువు. ఆ రోజుల్లో సన్‌షేడ్ పలచగా పోయడమే సొగసు అనుకున్నారు, దాంతో లోపలి ఇనుప ఊచ మీద కాంక్రీటు మందం తగ్గిపోయింది. ఉప్పు లోపలికి దిగి ఊచ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కనుక కాంక్రీటును లోపలి నుంచి పగలదీస్తుంది. ముందు ఊచ వెంబడే సన్నటి చీలిక, దానిలోంచి గోధుమ రంగు చార. చిన్న సుత్తితో తడితే బోలుగా మోగుతుంది. ఆ తర్వాత పెచ్చు ఊడి ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. భయపడిన యజమాని సన్‌షేడ్ కొట్టేయించి, ముందు గోడ మొత్తానికి మెరిసే అల్యూమినియం ఏసీపీ షీటు వేయిస్తాడు. అతన్ని తప్పుపట్టలేం.

అయితే షీటు కిందున్నది పోయినట్టు కాదు. కోస్తాలో ఒక పట్టణంలో రెండంతస్తుల దుకాణాన్ని నేను పదేళ్లుగా చూస్తూనే ఉన్నాను. ఎదురుగా నిలబడితే మెరిసే షీటు తప్ప ఏమీ లేదు. పక్క సందులోకి వెళ్లి తల ఎత్తితే షీటు వెనక పిట్టగోడ మెట్ల చివర కనిపించేది. కూల్చేరోజు పొద్దున షీట్లు విప్పారు. గుండ్రటి బాల్కనీ, దాని చుట్టూ మూడు గీతల పట్టీ, పైన సిమెంటులో పోసిన తెలుగు అక్షరాలు బయటపడ్డాయి. మన అక్షరం పుట్టుకతోనే గుండ్రం. ఆ మేస్త్రీ తలకట్టును బాల్కనీ వంపుతో కలిపి తిప్పాడు. ఏ పుస్తకంలోనూ దొరకని అక్షరం అది. నా దగ్గర టేపు లేదు, నిచ్చెన లేదు, ఫోను మాత్రం ఉంది. పదకొండు ఫోటోలు తీశాను. వీధి ఇరుకు, అన్నీ వంకరే. సాయంత్రానికి అక్కడ రాళ్లకుప్ప. ఆ అక్షరం ఎత్తెంతో నేనిప్పుడు చెప్పలేను.

ఒక్కరోజు ముందు తెలిసి ఉంటే ఏం చేసేవాళ్లమో చెబుతాను. ఇద్దరు మనుషులు, ఒక టేపు, ఒక నిచ్చెన, కొలత గీతలు రాసిన కర్ర ఒకటి. కర్రను గోడకు ఆనించి, గోడకు సూటిగా నిలబడి ఫోటో తీస్తే ఆ ఫోటోలోంచే తరువాత కొలతలు లాగొచ్చు. గ్రిల్లు మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే నమూనా నిజం సైజులో దిగుతుంది. మొజాయిక్ నేలను తడిగుడ్డతో తుడిచి పైనుంచి ఫోటో తీయాలి. తలుపు సందులో జనం చేయి తగలని చోట రంగును బ్లేడుతో పొరలు పొరలుగా గీకితే మొదటి రంగు బయటికొస్తుంది. దుకాణానికి ఒక రోజు, సినిమా హాలుకు మూడు రోజులు చాలు. హాలయితే పాత ఆపరేటరునూ గేటుకీపరునూ పిలిచి ఏ తలుపు ఎవరిదో అడగాలి. కాగితం మీద లేని సమాచారం వాళ్ల దగ్గరే ఉంటుంది.

కాగితం మీద ఉన్నదీ ఒకటి ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. సినిమా హాలు నడవాలంటే లైసెన్సు కావాలి, లైసెన్సు కావాలంటే ప్లాను ఇవ్వాలి. సీట్ల లెక్క, తలుపుల వెడల్పు, ఆపరేటరు గది, కట్టడం గట్టిదనానికి ఇంజినీరు సర్టిఫికెట్ ఆ ఫైల్లో ఉంటాయి. అంటే హాలు మాయమైనా దాని బొమ్మ ఏదో రికార్డు గదిలో ఉండే అవకాశముంది. ఫైలు మూసేటప్పుడు ఆర్.డిస్. అని వేస్తే శాశ్వతంగా ఉంటుంది. ఎల్.డిస్. అని వేస్తే కొంతకాలానికే చించేయొచ్చు. నా ఉద్యోగకాలంలో ఒక కార్యాలయం గది ఖాళీ చేస్తున్నప్పుడు ట్రేసింగ్ క్లాత్ ప్లాన్లు కట్టలుగా బయటపడ్డాయి. ఆ బట్ట ఉతికితే మంచి మెత్తటి గుడ్డ అవుతుందని ఎవరికి కావలసినవి వాళ్లు పట్టుకెళ్లారు. వాటిలో సినిమా హాలును నిలువుగా కోసినట్టు చూపే సెక్షన్ డ్రాయింగు ఒకటి నేను చూశాను. ఇండియన్ ఇంకు గీతలు కొత్తగా గీసినట్టున్నాయి. అప్పుడు నేను నోరెత్తలేదు. ఆ బాధే ఈ ఉత్తరం రాయిస్తోంది.

అందుకని నేను కోరే ఉత్తర్వు ఇలా ఉంటే చాలు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నంతో మొదలుపెట్టండి. కూల్చివేత దరఖాస్తులో కట్టిన సంవత్సరం ఒక గడిగా పెట్టండి. 1930కీ 1960కీ మధ్యదైతే ఏడు రోజుల్లో కొలతలు తీయాలని, ఆలోగా తీయకపోతే యజమానికి అనుమతి ఆపకూడదని రాయండి. ఆ గడువు లేకపోతే యజమానులు రాత్రికి రాత్రే కూల్చేస్తారు. వారసత్వం అన్న మాట వినపడితే చాలు, తమ స్థలం ఇరుక్కుపోతుందని వాళ్ల భయం. ఏసీపీ షీటు విప్పాకే రికార్డు తీయాలని కూడా అందులోనే చేర్చండి. పాత సినిమా లైసెన్సు ఫైళ్లను చించకుండా స్కాన్ చేయించమని రెవెన్యూ శాఖకు ఒక లేఖ రాయండి. గీయడానికి మన ఆర్కిటెక్చర్ కాలేజీల పిల్లలున్నారు. కొలతల పాఠం వాళ్లకు ఎలాగూ ఉంటుంది, ఆ పాఠం ఈ గోడల మీద నేర్చుకుంటారు.

మొదటి హాలుకు పిలిస్తే నేను వస్తాను. టేపూ, కర్రా, నిచ్చెనా ఈసారి నా దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్,
విశాఖపట్నం