ఖాళీగా వదిలేసిన ఆ గడి గురించి: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఐటీ కంపెనీల్లో ఉద్యోగుల చేత రాజీనామాలు రాయించుకోవడం గురించి ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడింటి మీద వేసిన రౌండు స్టాంపులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మూడోదానికి ఫోన్ కూడా వచ్చింది. "వాళ్లంతట వాళ్లే రాజీనామా చేశాక మేమేం చేస్తాం సార్?" అని అడిగారు ఫోన్లో మాట్లాడినాయన. ఆయన తప్పేం లేదు, ఫైల్లో ఉన్నదే చదివారు. ఆ ఫైల్లో లేనిది మీకు చెబుదామని మళ్లీ రాస్తున్నాను.

నేను బాధితుణ్ణి కాను. హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో టీమ్ మేనేజర్‌గా చేశాను. పిప్ కాగితం మీద ఉద్యోగి సంతకం పక్కన మేనేజర్ అని ఒక గీత ఉంటుంది చూడండి, ఆ గీత మీద సంతకం పెట్టినవాణ్ణి. పనితీరు మెరుగుపరిచే ప్రణాళిక అని దానికి పెద్ద పేరే ఉంది. కుర్రాళ్లు మాత్రం "వాణ్ణి పిప్‌లో పెట్టారంట" అని గొంతు తగ్గించి చెప్పుకుంటారు, ఇంట్లో ఎవరికో పెద్ద జబ్బు చేసినట్టు.

నా టీమ్‌లో 12 మంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా ఇబ్బంది వస్తే క్లయింటు టికెట్ పెడతాడు, మావాళ్లు సరిచేసి మూసేస్తారు. సరిగ్గా బాగుపడకపోతే అదే టికెట్ తిరిగి తెరుచుకుంటుంది. వాళ్లలో పిప్‌లో పెట్టిన ఒక అబ్బాయి అంతకుముందు రెండు నెలల్లో 64 టికెట్లు మూస్తే 16 తిరిగి వచ్చాయి. అంటే నాలుగింట ఒకటి. మిగతా టీమ్‌లో వందకు తొమ్మిది దాకా వచ్చేవి. పని బాగోలేదన్న మాట నిజమే, దాన్ని నేను దాచను. పనిలో వెనకబడ్డవాణ్ణి అడగకూడదని నేను వాదించడం లేదు సార్. అడిగే పద్ధతి గురించే నా గొడవంతా.

ఆ 16 టికెట్లూ ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని ఒక్కొక్కటే తెరిచి చదివాను. పది టికెట్లు ఒకే చోటివి, నెలాఖరు రిపోర్టులవి. అప్పటికి నాలుగు నెలల ముందే అతన్ని ఆ భాగానికి మార్చారు. అంతకుముందు అది చూసినతను వెళ్లిపోతూ హ్యాండోవర్ కింద ఒక గంట మాట్లాడి పోయాడు. ఇంకో నాలుగు టికెట్లు, క్లయింటును "ఇప్పుడు సరిగ్గా వస్తోందా?" అని అడగకుండా మూసేసినవి. మిగిలిన రెండింట్లో క్లయింటే తర్వాత మాట మార్చాడు. అవి ఎవరి లెక్కలోనూ పడకూడదు.

అంటే ఆ అబ్బాయికి ఉన్నవి రెండే సమస్యలు. ఒకటి తెలియకపోవడం, రెండోది తొందరగా మూసేసే అలవాటు. తెలియనిది నేర్పాలి, అలవాటును రోజూ గుర్తు చేసి మాన్పించాలి. రెంటికీ మందు వేరు, పట్టే కాలం వేరు. ఇంత తెలిశాక ప్రణాళిక రాయడం కష్టమేమీ కాదు. నేను రాశాను కూడా.

పది వారాలు అడిగాను. పదే ఎందుకంటే, నెలాఖరు రిపోర్టుల టికెట్లు ప్రతి నెలా ఒకటి నుంచి మూడో తారీకు లోపు వచ్చిపడతాయి. అతను నేర్చుకున్నాడో లేదో తేలాలంటే కనీసం రెండు నెలాఖరులు దాటాలి. మూసిన టికెట్ తిరిగి రావడానికి కూడా ఒక్కోసారి వారం పడుతుంది. మొదటి రెండు వారాలు నేర్చుకోవడానికే వదిలి, వాటిని లెక్కలో వేయలేదు. తర్వాతి నాలుగు వారాల్లో సుమారు 32 టికెట్లు వస్తాయి కాబట్టి ఆరుకు మించి తిరిగి రాకూడదు. చివరి నాలుగు వారాల్లో 32కి నాలుగుకు మించకూడదు. ఏ వారానికి ఆ వారం శాతం కట్టకూడదని ప్రత్యేకంగా రాశాను. వారానికి ఎనిమిది టికెట్లు చేసేవాడికి ఒక్కటి తిరిగొస్తే పన్నెండున్నర శాతం అయిపోతుంది, రెండొస్తే పాతిక. ఆ అంకె చూసి వాడు భయపడతాడు, నేను కంగారు పడతాను, పని మాత్రం అక్కడే ఉంటుంది. వారానికి ఏడు టికెట్లకు తగ్గకూడదని కూడా పెట్టాను. లేకపోతే తేలికైనవి నాలుగు ఏరుకుని సున్నా చూపించడం ఎవరికైనా చేతనవుతుంది.

కంపెనీ చేయాల్సింది వేరే రాశాను. నెలాఖరు రిపోర్టులు మొదట్లో కట్టిన సీనియర్ ఒకామె మా ఫ్లోర్‌లోనే ఉండేది. ఆమె మంగళవారం ఒక గంట, శుక్రవారం ఒక గంట అతని పక్కన కూర్చోవాలి. సర్వర్ లాగ్‌లు చూడటానికి అతనికి అనుమతి మొదటి వారంలోనే రావాలి, ఎందుకంటే లాగ్ చూడకుండా తప్పు పట్టడం గుడ్డివాడు ఏనుగును తడిమినట్టే. ప్రతి గురువారం అరగంట నేను కూర్చుని, ఆ వారం తిరిగొచ్చిన టికెట్లు అతనితో కలిసి చదివి, ఏమనుకున్నామో సాయంత్రం లోపు ఇద్దరికీ మెయిల్లో ఉండాలి.

హెచ్‌ఆర్ వాళ్లు నా రెండు పేజీలూ చదివి, "బాగుంది, కానీ ఫార్మాట్ మార్చడానికి లేదు" అన్నారు. వాళ్ల ఫార్మాట్‌లో గడువు ముప్పై రోజులని ముందే అచ్చయి ఉంది. లక్ష్యం గడిలో "తిరిగి తెరిచిన టికెట్లు సున్నా. బాధ్యత చూపాలి. కమ్యూనికేషన్ మెరుగుపరచుకోవాలి" అని వచ్చింది. సున్నా! మా టీమ్‌లో అందరికన్నా బాగా చేసేవాడికే వందకు నాలుగు తిరిగొస్తాయి. బాధ్యత చూపాడని ఏ రోజు, ఎవరు, దేన్ని చూసి తేలుస్తారు? అడిగితే "అది మేనేజర్ విచక్షణ" అన్నారు. నాకంత విచక్షణ ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

సంస్థ అందించే సహాయం అన్న గడి ఖాళీగా ఉంది. నేను పట్టుబడితే "అవసరమైతే మేనేజర్‌ను సంప్రదించాలి" అని చేర్చారు. సీనియర్‌ని ఇవ్వలేమన్నారు. ఆమె గంటలు క్లయింటుకు బిల్లు అవుతాయి, నేర్పే గంటలకు ఎవరూ డబ్బివ్వరు. అసలు సంగతి ఇక్కడే ఉంది సార్. పిప్‌లో సహాయం గడి నింపితే కంపెనీకి ఖర్చు, ఖాళీగా వదిలేస్తే ఉద్యోగికి ఖర్చు.

పిప్ 4వ తారీకున మొదలైంది. లాగ్ చూసే అనుమతి 22న వచ్చింది. నాలుగు గురువారాల్లో రెండు నేనే వాయిదా వేశాను, క్లయింటు కాల్స్ ఉన్నాయని. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. 29వ తారీకున మధ్యాహ్నం అతన్ని చిన్న మీటింగ్ రూములోకి పిలిచారు. నేనూ ఉన్నాను. టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి ఉంది, రాజీనామా మెయిల్ ముందే టైపు చేసి ఉంది. "మీరే రిజైన్ చేస్తే మంచి రిలీవింగ్ లెటర్ ఇస్తాం, లేదంటే టెర్మినేషన్ అని రికార్డులో పడుతుంది, తర్వాత ఎక్కడా ఉద్యోగం రాదు" అన్నారు. అతను నా వైపు చూశాడు. నేను నీళ్ల బాటిల్ మూత తిప్పుతూ కూర్చున్నాను. ఐదు నిమిషాల్లో సెండ్ నొక్కాడు. సాయంత్రం ఆరింటికి ఐడీ కార్డు తీసేసుకున్నారు.

ఆ రోజుకి అతను 27 టికెట్లు మూశాడు. మూడు తిరిగొచ్చాయి. నాలుగింట ఒకటి నుంచి తొమ్మిదింట ఒకటికి వచ్చాడు, సగానికి పైగా రోజులు లాగ్‌లు కూడా చూడకుండా. నిజం చెప్పాలంటే దీన్నిబట్టి అతను గట్టెక్కాడని నేను ప్రమాణం చేయలేను. ఎందుకంటే అతనికి కష్టమైన నెలాఖరు టికెట్లు ఇంకా రానేలేదు. మరో మూడు రోజుల్లో వచ్చేవి. పరీక్ష రాయకముందే ఫలితం ఇచ్చేశారన్నమాట.

ఇప్పుడు చట్టం మాట. మన దుకాణాలు, సంస్థల చట్టం 1988లో 47వ సెక్షన్ ఉంది. ఆరు నెలలకు తగ్గకుండా చేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా, నెల ముందు నోటీసో దానికి బదులు జీతమో ఇవ్వకుండా తీసేయకూడదంటుంది. అప్పీలుకు దారి కూడా అదే చట్టం ఇచ్చింది.   ఇది మీకు తెలియనిది కాదు. కానీ తీసేస్తేనే కదా ఆ సెక్షన్! రాజీనామా రాయించుకుంటే సెక్షన్ అలమారాలో ప్రశాంతంగా ఉంటుంది, మీ కార్యాలయం కూడా ప్రశాంతంగా ఉంటుంది. ముప్పై రోజుల పిప్ దేనికి పనికొస్తుందో నాకు అప్పుడు అర్థమైంది. అది పని నేర్పే కాగితం కాదు, రాజీనామాకు వేసే కవరింగ్ లెటర్.

మీరు కొత్త చట్టం తేవాలని అడగడం లేదు. ఒక సర్క్యులర్ చాలు. పిప్‌లో పెట్టిన రోజు ఉద్యోగి పని ఏ అంకె దగ్గర ఉందో, టీమ్ మొత్తం ఏ అంకె దగ్గర ఉందో రెండూ కాగితం మీద ఉండాలి. సహాయం గడిలో మనిషి పేరు, రోజు, గంటలు ఉండాలి. ఒప్పుకున్న సహాయం ఎన్ని రోజులు ఆలస్యమైతే గడువును అన్ని రోజులూ పొడిగించాలి. పిప్ నడుస్తుండగా రాయించుకున్న రాజీనామా మీద ఫిర్యాదు వస్తే, "వాళ్లంతట వాళ్లే" అనేసే ముందు ఆ పిప్ కాగితాన్ని తెప్పించుకుని ఒక్కసారి చదవాలి. కనీసం చదవాలి సార్. మూడు ఉత్తరాల్లోనూ అడిగింది ఇదే. సహాయం గడి నింపి ఉందా, ఖాళీగా ఉందా చూడటానికి ఇన్‌స్పెక్టర్ గారికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఆ అబ్బాయి ఇప్పుడు ఊళ్లో ఉన్నాడు. బండి ఈఎంఐ వాళ్ల నాన్న కడుతున్నాడు. ఇంటర్వ్యూలకు వెళ్తే పాత మేనేజర్ నంబర్ అడుగుతారు, నాది ఇస్తాడు. ఫోన్ వచ్చిన ప్రతిసారీ "64లో 16, తర్వాత 27లో 3" అని చెబుతున్నాను. అవతలివాళ్లు "ఓకే సార్, థాంక్యూ" అని పెట్టేస్తారు. మూడు నెలలయ్యాక నేనూ ఆ ఉద్యోగం మానేశాను. నా రాజీనామా మాత్రం నేనే టైపు చేసుకున్నాను.

కంపెనీ వాళ్లు ఒప్పుకోని నా రెండు పేజీల ప్రణాళిక, వాళ్ల ఫార్మాట్‌లో ఉన్న ఒక పేజీ, రెండూ పేర్లు కొట్టేసి జత చేస్తున్నాను. ఈసారి స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ పెట్టి పంపుతున్నాను, ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారో తెలుస్తుందని.

ఇట్లు,
ఒక మాజీ టీమ్ మేనేజర్,
హైదరాబాద్