లోపలికెళ్లినవాళ్లు అంత త్వరగా ఎందుకు బయటికొస్తారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈమధ్య మా ఊళ్లో ఒక మూడంతస్తుల భవనంలో మంటలు లేచినప్పుడు, వీపున సిలిండర్లు, ముఖానికి మాస్కులు పెట్టుకుని లోపలికెళ్లిన ఇద్దరు ఫైర్ సిబ్బంది ఇరవై నిమిషాల్లోపే బయటికొచ్చేశారు. రోడ్డు మీద మూగిన జనం ఊరుకుంటారా, "అప్పుడే వచ్చేశారే, ప్రాణభయమా?" అని కేకలు. ఆ వీడియో తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగేసింది. నేను ఒక ఫ్యాక్టరీ ఫైర్ అండ్ సేఫ్టీ విభాగంలో పనిచేసి రిటైరయినవాడిని, ఆ సిలిండర్లు మోసినవాడిని, నింపినవాడిని. ఆ వీడియో చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

ముందుగా, వాళ్ల వీపు మీద ఉండేది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే మామూలు గాలే, కంప్రెసర్‌తో ఒత్తి నింపుతారు. ఎక్కువగా కనిపించే సిలిండర్ 6.8 లీటర్లది, ప్రెషర్ 300 బార్. రెండూ గుణిస్తే సుమారు 2,040 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్లు పీలుస్తాడనుకుని భాగిస్తే 51 నిమిషాలు వస్తుంది, చివర్లో కొంత నిల్వ తీసేస్తే 40 చిల్లర. "45 నిమిషాల సిలిండర్" అనే మాట అలా పుట్టిందే. కంపెనీవాళ్లు చెప్పే బైక్ మైలేజీ లాంటిదన్నమాట ఈ లెక్క. బూట్లు, కోటు, హెల్మెట్, సిలిండర్ అన్నీ కలిపి ఇరవై కిలోల పైన బరువు మోస్తూ, నీళ్లు నిండిన హోస్ లాక్కుంటూ మెట్లెక్కేవాడు 40 లీటర్లతో సరిపెట్టుకోడు. 80 లీటర్లు సులువుగా లాగేస్తాడు, టెన్షన్ తోడైతే ఇంకా ఎక్కువ.

ఇప్పుడు రైల్వే స్టేషన్ చుట్టుపక్కల ఉండే ఏదో ఒక లాడ్జి మూడో అంతస్తులో మనిషి చిక్కుకున్నాడనుకోండి. గాలి శుభ్రంగా ఉన్నచోటే మాస్క్ బిగించి, లీక్ లేదని చూసుకుని, గేజ్ 300 చూపిస్తుండగా ఇద్దరు లోపలికెళ్తారు. ఒంటరిగా ఎవరినీ పంపరు. మెట్లెక్కి మూడో అంతస్తుకి చేరేసరికి గేజ్ 270కి దిగి ఉంటుంది. ఇక్కడ అందరూ మర్చిపోయేది ఏమిటంటే, లోపలికెళ్లడానికే కాదు, తిరిగి రావడానికీ అదే సిలిండర్. గాలి 55 బార్‌కి దగ్గరపడగానే సిలిండర్, మాస్క్ కలిసిన ఆ సెట్‌కున్న విజిల్ మోగుతుంది. అది మోగకముందే బయటుండాలన్నది లెక్క, మోగాక బయల్దేరడం కాదు. అంటే వాడుకోదగింది 245 బార్, అందులో సగం పోయేటప్పటికి, గేజ్ 175 దగ్గరికి రాగానే వెనక్కి తిరగాలి. 270 నుంచి 175 వరకు ఉన్న గాలి నిమిషానికి 80 లీటర్ల చొప్పున సుమారు 8 నిమిషాలు. పొగలో చెయ్యి పెడితే చెయ్యి కనపడదు, మోకాళ్ల మీద పాకుతూ, గోడ తడుముకుంటూ, ఒక్కో గదిలో మంచం కింద, బాత్రూంలో వెతకాలి. ఆ 8 నిమిషాల్లో ఎన్ని గదులు చూడగలరో మీరే చెప్పండి. ఇద్దరిలో ఎవరి గేజ్ తక్కువ చూపిస్తే వాళ్ల లెక్కే ఇద్దరికీ వర్తిస్తుంది, రెండోవాడికి ఇంకా గాలి ఉన్నా సరే.

విజిల్ తర్వాత మిగిలేది 374 లీటర్లు. ఆ కష్టంలో నాలుగు నిమిషాలు, నాలుగున్నర. దారి తప్పితే, కాలు ఇరుక్కుంటే వాడుకోవడానికి ఉంచినది అది. దాన్ని కూడా "ఇంకా నాలుగు నిమిషాలుంది కదా" అని వెతకడానికి ఖర్చు చేస్తే, తర్వాత వాళ్లని వెతకడానికి ఇంకో ఇద్దరు వెళ్లాల్సొస్తుంది. అందుకే తలుపు దగ్గర ఒకరు బోర్డు పట్టుకుని ఎవరు ఎన్ని బార్లతో ఎన్నింటికి లోపలికెళ్లారో, విజిల్ ఎన్నింటికి మోగొచ్చో రాసుకుంటుంటారు. జనానికి ఖాళీగా నిల్చున్నట్టు కనిపించేది ఆయనే.

ఇంకో సంగతి, సిలిండర్‌ని తొందరతొందరగా నింపితే వేడెక్కుతుంది. అప్పుడు గేజ్ 300 చూపిస్తుంది, చల్లారాక 270కి కూడా పడిపోవచ్చు. ఆ 30 బార్లు పోతే ఇందాక చెప్పిన 8 నిమిషాలు 6 చిల్లరకి వస్తాయి. డ్యూటీ ఎక్కగానే గేజ్ చూసుకోమని, తక్కువుంటే పక్కన పెట్టి మళ్లీ నింపమని మేము పోరేది ఇందుకే. అలాగే గడ్డం పెంచినవాళ్లకి మాస్క్ సరిగా అతకదు. మాస్క్ లోపల ప్రెషర్ బయటికన్నా కాస్త ఎక్కువుంటుంది కాబట్టి పొగ వెంటనే దూరదు కానీ, ఆ సందుల్లోంచి గాలి కారిపోతూనే ఉంటుంది, అంటే టైమ్ కూడా.

సిలిండర్ మార్చుకుని వెంటనే మళ్లీ వెళ్లొచ్చు కదా అంటారా? ఆ కోటులో మూడు పొరలుంటాయి, పైది మంటని ఆపేది, మధ్యది నీళ్లని ఆపేది, లోపలిది వేడిని ఆపేది. బయటి వేడి లోపలికి రాకుండా ఆపేది ఒంటి వేడిని కూడా బయటికి పోనివ్వదు. మన తిరుపతి మే నెలలో అది తొడుక్కుని ఊరికే నీడలో నిల్చున్నా చెమటతో తడిసిపోతారు. ఒక సిలిండర్ అయ్యాక కోటు విప్పి, నీళ్లు తాగి, కాసేపు కూర్చోవాల్సిందే. లోపల ఇద్దరు, తలుపు దగ్గర రెడీగా ఇద్దరు, తేరుకుంటున్నవాళ్లు ఇద్దరు. పని ఆగకుండా సాగాలంటే కనీసం ఆరుగురు, ఆరు సెట్లు, పైగా నిండిన స్పేర్ సిలిండర్లు.

తిట్టడం తేలికే. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో 8 మంది పోయారు. నిప్పు కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో అంటుకుంది, పొగ పైగదుల్లోకి వెళ్లింది. మన గోవిందరాజస్వామి గుడి చుట్టూ, బజారు వీధుల్లో కింద షాపు పైన లాడ్జి ఉన్న భవనాలు కావలసినన్ని. అలాంటి చోట రిసెప్షన్‌లో అంతస్తుల వారీ ప్లాన్ ఒకటి, ఆ రాత్రి ఏయే గదుల్లో మనుషులున్నారో లిస్టు ఒకటి, మాస్టర్ తాళం ఒకటి వచ్చీరాగానే చేతికిస్తే ఖాళీ గదులు వెతికే పని తప్పుతుంది. ఉన్నదే 8 నిమిషాలైనప్పుడు తాళం పగలగొట్టడానికి పోయే ఒక్క నిమిషం ఎంతో మీకు తెలుసు. టెర్రస్ తలుపుకి తాళం వేసే యజమానుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

జిల్లా అధికారులని మీ పత్రిక ద్వారా అడిగేది ఒకటే. తిరుపతిలో, చిత్తూరులో ఫైర్ కాల్ వస్తే మొదటి బండిలో పనిచేసే సెట్లు ఎన్ని వెళ్తున్నాయి, నిండిన స్పేర్ సిలిండర్లు ఎన్ని, ఖాళీ అయినవి నింపే కంప్రెసర్ ఎంత దూరంలో ఉంది, వాటి పరీక్షల గడువు ఎప్పటివరకు అన్నది స్టేషన్ల వారీగా ప్రకటించండి. లాడ్జి లైసెన్స్ రెన్యువల్‌కి ఆ ప్లాన్, మాస్టర్ తాళం తప్పనిసరి చేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి