ఆఫర్ లెటర్ రాకముందే ఆధార్ ఎందుకు?

సంపాదకుని గారికి,

రెండేళ్ల అనుభవానికి ఇంటి నుంచే పని, నెలకు రెండు లక్షల జీతం అంటూ లింక్డిన్‌లో రిక్రూటర్ మెసేజ్ పెడితే, ముందు ఆ ప్రొఫైల్‌లో About this profile తెరవండి. ఖాతా ఎప్పుడు మొదలైందో అక్కడ ఉంటుంది. పదేళ్ల హెచ్‌ఆర్ అనుభవం రాసుకున్న మనిషి ఖాతా నిన్నమొన్నటిదైతే అనుమానించాల్సిందే. అలాగని పాత ఖాతా అయితే నమ్మేయొద్దు, కాజేసిన ఖాతాలూ తిరుగుతున్నాయి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ ఉద్యోగం ఉందో లేదో చూసి, అక్కడున్న మెయిల్‌కే రాసి అడగాలి.

ఇంటర్వ్యూ వాట్సాప్ చాట్‌లోనే అయిపోయిందనిపించి, ‘బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్’ అంటూ ఆధార్, పాన్, కార్డు చేత్తో పట్టుకున్న సెల్ఫీ అడిగితే అక్కడే ఆగండి. వెరిఫికేషన్‌కు ఆ సెల్ఫీతో పనేముంది? మీ పేరుతో ఖాతా తెరవడానికో, లోన్ యాప్‌లో అప్పు తీయడానికో అయితే బాగా పనికొస్తుంది. ఆ వెంటనే ఓటీపీ కూడా అడిగారంటే అవతల ఆ పని నడుస్తున్నట్టే. ఎక్కడైనా ఇవ్వక తప్పకపోతే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలు.

ఇప్పటికే పంపేసినవారు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, cybercrime.gov.inలో ఫిర్యాదు నమోదు చేయాలి. మీ పేరిట ఎన్ని సిమ్‌లున్నాయో టెలికం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో తెలుస్తుంది. తెలియని అప్పు ఏదైనా పుట్టిందేమో కొన్ని నెలలపాటు క్రెడిట్ రిపోర్టు చూస్తుండాలి.

– ఒక హెచ్‌ఆర్ ఉద్యోగి, హైదరాబాద్